బాకీ తీర్చని క్లయింటుకు చివరి ఉత్తరం రాయడం ఎలా?

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బంగారుపాళ్యం మామిడి మార్కెట్ యార్డు ఉంది. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయ ట్రాక్టర్లు అక్కడ బారులు తీరతాయి. ఆ కాయలో చాలా భాగం చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. ఆ ఫ్యాక్టరీలకు నేను ఆహార భద్రత కన్సల్టెంటుని. లైసెన్సు కాగితాలు, పరిశుభ్రత రికార్డులు, ఐఎస్ఓ 22000 ఆడిట్‌కు ముందు చేయాల్సిన సర్దుబాట్లు నా పని. దానికి నెలవారీ ఫీజు ఉంటుంది.

గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బు తిరిగే తీరు వేరు. కాయ కొనేది రెండు నెలలే అయినా గుజ్జు అమ్ముడుపోవడానికి ఏడాది పడుతుంది. కాయకు, డీజిలుకు, కూలీలకు పెట్టిన డబ్బంతా డ్రమ్ములు కదిలేదాకా షెడ్డులోనే కూర్చుంటుంది. 2025లో అంతకు ముందటి ఏడాది గుజ్జే ఇంకా మిగిలి ఉండగా కొత్త కాయ వచ్చి పడింది. ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చి రైతుకు 12 రూపాయలు అందేట్టు నిర్ణయించాల్సి వచ్చింది. రైతుకే డబ్బు సర్దడం కష్టమైన చోట కన్సల్టెంటు ఫీజు వరసలో చిట్టచివరన నిలబడుతుంది.

అట్లా నిలబడి నిలబడి, ఒక ఫ్యాక్టరీకి పని ఆపేస్తున్నానని ఉత్తరం రాయాల్సి వచ్చింది. నిజానికి అది నా రెండో ఉత్తరం. కొన్నేళ్ల కిందట ఇంకో చోటికి రాసిన మొదటిది అన్ని విధాలా తప్పు. అందులో రెండు పేజీల కోపం ఉంది కానీ పని ఏ రోజుతో ఆగిందో లేదు. పాత బాకీలన్నీ కలిపి కొత్త బిల్లు వేసి, కట్టిన పన్నే మళ్లీ నెత్తిన పెట్టుకున్నాను. రెండోసారి ఆ తప్పులు లేకుండా ఎట్లా రాశానో వరసగా చెబుతాను. లెక్క సులువుగా అర్థం కావడానికి అంకెలను గుండ్రం చేశాను.

కేసు ఇది. క్లయింటు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నెలకు ఫీజు రూ.20,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.3,600, మొత్తం బిల్లు రూ.23,600. బిల్లు వేసిన 10 రోజుల్లో కట్టాలని ఒప్పందం. 2025 మే దాకా ఆలస్యంగానైనా కట్టారు. జూన్, జూలై, ఆగస్టు బిల్లులు నిలిచిపోయాయి. నడుమ ఆగస్టు 20న ‘ఖాతాలో వేసుకోండి’ అని రూ.10,000 పంపారు.

1. ఒప్పందం తీసి మూడు వాక్యాలు వెతకండి

ఉత్తరం మొదలుపెట్టే ముందు ఒప్పందం చదవాలి. ఎన్ని రోజుల్లో కట్టాలి, కట్టకపోతే పని ఆపవచ్చా, ఆపేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి అన్న మూడు వాక్యాలు దొరకాలి. నా ఒప్పందంలో గడువు 10 రోజులు, నోటీసు 15 రోజులు. ఆ నోటీసు ఇవ్వకుండా కోపంతో ఒక్క రోజులో ఆపేస్తే ఒప్పందం తప్పింది మనమే అవుతాం. అప్పటిదాకా బాకీ గురించి నడిచిన మాట, అక్కడి నుంచి మనం చేసిన నష్టం గురించి నడుస్తుంది.

రాతపూర్వక ఒప్పందం లేకపోతే బెంగపడక్కర్లేదు. పని ఒప్పుకున్న ఈమెయిలు, ఫీజు మాట్లాడుకున్న వాట్సాప్ సందేశం, ఇంతకు ముందు అదే రేటుకు కట్టిన బిల్లులు కలిస్తే ఒప్పందానికి సాక్ష్యమే. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకో ఆధారం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లుకు గడువు రాసుకోకపోతే పని అందుకున్న 15 రోజుల్లో కట్టాలి. గడువు రాసుకున్నా అది 45 రోజులు దాటకూడదు. ‘మా కంపెనీలో 90 రోజుల పద్ధతి’ అని అకౌంట్స్ వాళ్లు చెప్పే మాట ఆ చట్టం ముందు నిలవదు.

2. ఆపే తేదీని ఎంచుకోండి

ఉత్తరంలో మిగతా ప్రతి మాటా ఈ తేదీ మీదే ఆధారపడుతుంది. చివరి బిల్లు ఎంతో, ఏ పని మీ బాధ్యతో, ఏది కాదో అది చెబుతుంది. అందుకే బిల్లు ఆలస్యమైన రోజున కాకుండా, ఆపితే ఎవరికీ ప్రమాదం లేని రోజున ఆపాలి.

జూలైలో పాశ్చరైజరు రాత్రింబవళ్లు నడుస్తుండగా ఆహార భద్రత చూసే మనిషి తప్పుకుంటే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు, ఆ గుజ్జు తాగేవాళ్లు కూడా. పైగా సీజన్ మధ్యలో ఆపితే అది బెదిరింపులా కనిపిస్తుంది. అట్లాగని వచ్చే ఆడిట్ దాకా సాగదీయకూడదు. ఆ ఫ్యాక్టరీకి ఐఎస్ఓ సర్వైలెన్స్ ఆడిట్ నవంబరులో ఉంది. సెప్టెంబరు మధ్యకు కాయ అయిపోయి యంత్రాలు ఆగి ఉంటాయి, కొత్త మనిషిని వెతుక్కోవడానికి రెండు నెలలు మిగులుతాయి. కాబట్టి సెప్టెంబరు 15 సోమవారం అని నిర్ణయించుకున్నాను.

నోటీసు ఆగస్టు 29న పంపాను. అది నాలుగే వాక్యాలు: “జూన్, జూలై బిల్లుల గడువు జూలై 11, ఆగస్టు 11 తేదీలతో దాటిపోయింది. మీరు పంపిన రూ.10,000, కోసుకోదగిన టీడీఎస్ పోగా రూ.33,200 రావాలి. సెప్టెంబరు 15లోగా అందకపోతే ఒప్పందం ప్రకారం ఆ రోజు సాయంత్రంతో పని ఆపేస్తాను. ఈలోగా మాట్లాడాలనుకుంటే ఫోన్ చేయండి.” ఇందులో తేదీ ఉంది, అంకె ఉంది, తలుపు కూడా తెరిచే ఉంది. జవాబుగా వచ్చిన ఫోనులో “ఇచ్చేస్తాంలే సార్, డ్రమ్ములు కదలనీండి” అన్నారు. డ్రమ్ములు ఎప్పుడు కదులుతాయని అడిగితే తేదీ చెప్పలేదు. తేదీ లేని హామీతో నోటీసు గడువు పెరగదు.

సాగదీస్తే మనకు పడే దెబ్బ ఇంకొకటి ఉంది. జీఎస్టీ బిల్లు మీద పడుతుంది, అందిన డబ్బు మీద కాదు. క్లయింటు పైసా ఇవ్వకపోయినా బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకి పన్ను నేనే కట్టాలి. జూన్ బిల్లు మీది రూ.3,600 అప్పటికే నా జేబులోంచి పోయింది, జూలై బిల్లు మీది రూ.3,600 సెప్టెంబరు 20కి కట్టాలి. బాకీ వసూలు కాలేదని ఆ పన్ను వెనక్కు అడగడానికి జీఎస్టీలో దారి లేదు. అంటే ఇంకో నెల ఊరికే చేస్తే పోయేది నా శ్రమ ఒక్కటే కాదు, చేతి డబ్బు మరో రూ.3,600 కూడా.

3. చివరి బిల్లులో ఆపిన రోజు దాకా చేసిన పని మాత్రమే వేయండి

ఒప్పందం మధ్యలో సేవ ఆగిపోతే, ఆగిన సమయానికి, అప్పటిదాకా చేసిన పని మేరకు బిల్లు వేయాలని సీజీఎస్టీ చట్టం 31(6) చెబుతోంది. సెప్టెంబరు 1 నుంచి 15 దాకా సగం నెల. ఫీజు రూ.10,000, జీఎస్టీ రూ.1,800, మొత్తం రూ.11,800. బిల్లు తేదీ సెప్టెంబరు 15, నంబరు మీ వరసలో తరువాతిది. వివరం దగ్గర ‘కన్సల్టెన్సీ ఫీజు’ అని వదిలేయకుండా ‘2025 సెప్టెంబరు 1–15 మధ్య ఆహార భద్రత సలహా సేవలు, సేవ ముగింపు బిల్లు’ అని రాయాలి. రేపు ఎవరు చూసినా ఆ ఒక్క కాగితంతోనే ఆపిన తేదీ తెలుస్తుంది.

కొత్తవాళ్లు ఇక్కడ మూడు తప్పులు చేస్తారు. మొదటిది నేను చేసిందే: పాత బాకీలను చివరి బిల్లులో కలపడం. జూన్, జూలై, ఆగస్టు బిల్లులు వాటి వాటి రిటర్నుల్లో ఎట్లాగూ ఒకసారి ఎక్కుతాయి. వాటిని కలిపి కొత్త ట్యాక్స్ ఇన్వాయిస్ వేస్తే అదే ఫీజు రెండోసారి అమ్మకంగా లెక్కకు వస్తుంది, పన్నూ రెండోసారి పడుతుంది. పాత బాకీ చోటు బిల్లులో కాదు, కింద చెప్పబోయే ఖాతా వివరంలో.

రెండో తప్పు, ఒప్పందంలో మిగిలిన నెలలకు కూడా ఫీజు వేయడం. చేయని పనికి బిల్లు వేస్తే క్లయింటుకు గొడవ పెట్టుకోవడానికి న్యాయమైన కారణం దొరుకుతుంది. ఆ ఒక్క సాకుతో నిక్కమైన బాకీని కూడా ఆపేస్తారు.

మూడోది వడ్డీని బిల్లులో కలిపేయడం. ఎంఎస్ఎంఈ చట్టం కింద ఆలస్యానికి వడ్డీ అడిగే హక్కు మీకుంది. రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆ నెలల్లో బ్యాంక్ రేటు 5.75 శాతం కాబట్టి ఏడాదికి 17.25 శాతం అవుతుంది. రూ.23,600 బిల్లుకు నెలకు దాదాపు రూ.339. అయితే ఆలస్యపు వడ్డీ మీద కూడా జీఎస్టీ ఉంటుంది, అది వడ్డీ చేతికి అందినప్పుడు కడితే చాలు. వస్తుందో రాదో తెలియని వడ్డీని ముందే బిల్లులో వేసి దాని పన్ను కూడా కట్టుకోవడం దేనికి? ఉత్తరంలో ‘వడ్డీ అడిగే హక్కు నాకుంది’ అని ఒక్క వాక్యం సరిపోతుంది.

4. ఖాతా వివరం ఒక్క పేజీలో రాయండి

ఉత్తరంతో రెండు కాగితాలు జతచేయాలి. ఒకటి చివరి బిల్లు, రెండోది ఖాతా వివరం. ఖాతా వివరం బిల్లు కాదు, పాత పద్దులన్నీ ఒకచోట చూపించే కాగితం. నాది ఇట్లా ఉంది:

| బిల్లు | గడువు తేదీ | బిల్లు మొత్తం (రూ.) | టీడీఎస్ పోగా (రూ.) |
|---|---|---|---|
| జూన్ (జూలై 1 బిల్లు) | జూలై 11 | 23,600 | 21,600 |
| జూలై (ఆగస్టు 1 బిల్లు) | ఆగస్టు 11 | 23,600 | 21,600 |
| ఆగస్టు (సెప్టెంబరు 1 బిల్లు) | సెప్టెంబరు 11 | 23,600 | 21,600 |
| చివరి బిల్లు (సెప్టెంబరు 15) | సెప్టెంబరు 25 | 11,800 | 10,800 |
| మొత్తం | | 82,600 | 75,600 |
| ఆగస్టు 20న అందినది (జూన్ బిల్లుకు జమ) | | | –10,000 |
| రావాల్సిన నికరం | | | 65,600 |

టీడీఎస్ వరసను చాలామంది మర్చిపోతారు. కంపెనీ ప్రొఫెషనల్ ఫీజు కట్టేటప్పుడు 10 శాతం కోసి ప్రభుత్వానికి జమచేస్తుంది. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే ఆ కోత ఫీజు మీదే, పన్ను మీద కాదు. అందుకే రూ.20,000కు రూ.2,000 పోయింది. మనం రూ.82,600 అని రాస్తే వాళ్ల పుస్తకంలో ఇంకో అంకె ఉంటుంది. ‘లెక్క కుదరలేదు, చూసి చెబుతాం’ అని ఇంకో నెల గడుస్తుంది. టీడీఎస్ పోగా నికరం మనమే రాసిస్తే ఆ సాకు ఉండదు. కోశామన్న టీడీఎస్ నిజంగా జమ అయిందో లేదో మీ పాన్ మీద ఉండే 26ఏఎస్‌లో చూసుకోండి. అక్కడ కనబడకపోతే ఆ మొత్తం కూడా బాకీ కిందికే వస్తుంది.

రూ.10,000 ఏ బిల్లుకు అని వాళ్లు చెప్పలేదు. కట్టేవాడు చెప్పనప్పుడు, పరిస్థితిని బట్టి కూడా తెలియనప్పుడు, ఏ బాకీకి జమ వేసుకోవాలో అందుకున్నవాడు నిర్ణయించవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం అంటుంది. అన్నిటికంటే పాత బిల్లుకు వేసి, వేసినట్టు రాసిపెట్టాను.

5. ఇక ఉత్తరం

పై పనులన్నీ అయ్యాక ఉత్తరం ఒక పేజీ దాటదు. నేను రాసినది, పేర్లు తీసేసి:

> తేదీ: 15 సెప్టెంబరు 2025
>
> మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
> (కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా)
>
> విషయం: సలహా సేవల ముగింపు – చివరి బిల్లు, ఖాతా వివరం జత
>
> అయ్యా,
>
> మన మధ్య ఉన్న సేవా ఒప్పందం ప్రకారం ఆగస్టు 29న ఇచ్చిన నోటీసు గడువు ఈ రోజుతో ముగిసింది. అందులో అడిగిన మొత్తం అందలేదు. కనుక 2025 సెప్టెంబరు 15 సాయంత్రం 6 గంటలతో మీ సంస్థకు నా సేవలు ముగిశాయి.
>
> సెప్టెంబరు 1 నుంచి 15 దాకా చేసిన పనికి రూ.11,800 చివరి బిల్లు జతచేశాను. పాత బిల్లులతో కలిపి, అందిన రూ.10,000, టీడీఎస్ పోగా నాకు రావాల్సినది రూ.65,600. ఇందులో రూ.54,800 గడువు ఇప్పటికే దాటింది. మొత్తాన్ని సెప్టెంబరు 25లోగా బిల్లులో ఉన్న బ్యాంకు ఖాతాకు పంపగలరు. లెక్కలో తేడా ఉందనుకుంటే ఏ బిల్లులో, ఎంత అన్నది ఆ తేదీలోగా రాతపూర్వకంగా తెలపండి.
>
> ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం, 2006 కింద ఆలస్యానికి వడ్డీ అడిగే హక్కు, బాకీ వసూలుకు చట్టప్రకారం వెళ్లే హక్కు నాకున్నాయి.
>
> మీ రికార్డులు, మిగిలి ఉన్న పనుల జాబితా అప్పగింత పత్రంలో ఉన్నాయి. ఆ పనులు ఇకపై మీ సంస్థ చూసుకోవాలి.
>
> ఇట్లు,
> (సంతకం, పేరు, ఉద్యమ్ నంబరు)
>
> జత: 1. చివరి బిల్లు 2. ఖాతా వివరం 3. అప్పగింత పత్రం

ఈ ఉత్తరంలో లేనివి కూడా గమనించండి. ‘ఎంతో ఓపిక పట్టాను’ అని లేదు. ఎన్నిసార్లు ఫోన్ చేశానో లేదు. ఆడిట్ వాళ్లకో, గుజ్జు కొనేవాళ్లకో, ఫుడ్ సేఫ్టీ అధికారికో చెబుతానన్న బెదిరింపు అసలే లేదు. డబ్బు కోసం అట్లాంటి మాట రాస్తే ఆ కాగితం రేపు వాళ్ల చేతిలో ఆయుధమవుతుంది. ‘పని ఆపాలనుకుంటున్నాను’ అని కూడా రాయలేదు, ‘ముగిశాయి’ అని రాశాను. అనుకుంటున్నాను అంటే ఇంకా బేరానికి చోటుందని చదువుకుంటారు.

లెక్క తప్పనుకుంటే ఫలానా తేదీలోగా చెప్పమన్న వాక్యం చిన్నదే కానీ పని పెద్దది. చెబితే గొడవ ఎక్కడుందో తేలుతుంది. చెప్పకపోతే, ఆర్నెల్ల తరువాత ‘పని నాణ్యత బాగాలేదు’ అన్న కొత్త పాట ఎత్తుకున్నప్పుడు, అడిగిన రోజున ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న మిగులుతుంది.

6. అప్పగింతను బాకీతో ముడిపెట్టకండి

చేతిలో క్లయింటు రికార్డులుంటే, డబ్బు వచ్చేదాకా ఇవ్వకూడదన్న బుద్ధి ఎవరికైనా పుడుతుంది. నాకూ పుట్టింది. కానీ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఫ్యాక్టరీది. ఫాస్కోస్ పోర్టల్లో ఆ లైసెన్సు లాగిన్ కూడా ఫ్యాక్టరీదే. నీటి పరీక్ష రిపోర్టులు, థర్మామీటరు క్యాలిబ్రేషన్ పత్రాలు, డబ్బు కట్టిన నెలల్లో తయారైన ప్రమాద విశ్లేషణ పత్రాలు అన్నీ వాళ్లవే. అవి ఇచ్చేసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలి. లాగిన్ నా ఫోన్ నంబరుతో ఉంటే, ఫ్యాక్టరీ నంబరుకు మార్చుకోమని అప్పగింత పత్రంలోనే అడగాలి. లేకపోతే ఆపేశాక కూడా ఓటీపీలు మనకే వస్తాయి, ఫోన్లూ మనకే వస్తాయి.

నా దగ్గర ఉంచుకున్నది ఒక్కటే: ఆడిట్ కోసం మొదలుపెట్టి సగంలో ఉన్న కొత్త మాన్యువల్ చిత్తుప్రతి. డబ్బు అందాకే తుదిప్రతి ఇస్తానని ఒప్పందంలో ఉంది కాబట్టి ఉంచుకోగలిగాను. ఆ మాట మీ ఒప్పందంలో లేకపోతే వకీలును అడగకుండా ఏదీ ఆపుకోకండి.

మిగిలి ఉన్న పనుల జాబితాలో ప్రతి పనికీ తేదీ ఉండాలి. పాశ్చరైజరు థర్మామీటర్లకు క్యాలిబ్రేషన్ ఎప్పటికి చేయించాలి, తరువాతి నీటి పరీక్ష ఎప్పుడు, అంతర్గత ఆడిట్ ఎప్పుడు, నవంబరు ఆడిట్‌కు ఏ లోపాలు ఇంకా సరిదిద్దలేదు. ఆహార భద్రతకు సంబంధించి మనకు తెలిసిన లోపం ఏదైనా ఉంటే బాకీ ఉన్నా లేకున్నా రాసి ఇచ్చి తీరాలి. ఒక థర్మామీటరు రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని నాకు తెలుసు. ఎక్కువ చూపిస్తే లోపల గుజ్జు నిజంగా అంత వేడెక్కలేదన్నమాట. అది జాబితాలో మొదటి వరసలో రాశాను. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, అట్లాంటిది దాచి తరువాత ఏదైనా జరిగితే మన పేరు నిలవదు.

7. పంపడానికి రెండు దారులు వాడండి

ఉత్తరం, జతలు ఒకే పీడీఎఫ్‌గా డైరెక్టరుకు, అకౌంట్స్‌కు ఈమెయిలు చేయాలి. అదే రోజు కాగితం ప్రతి కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు పోస్టులో వేయాలి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటరులో ‘స్పీడ్ పోస్టు, రిజిస్ట్రేషన్‌తో’ అని అడిగితే ఎవరి పేరున పంపామో వాళ్లకే ఇస్తారు. రసీదు, చేరినట్టు చూపే ట్రాకింగ్ పేజీ ప్రింటు రెండూ ఫైల్లో పెట్టుకోండి. వాట్సాప్‌లో ‘ఉత్తరం పంపాను, చూడండి’ అని తప్ప వేరే వాదన పెట్టకండి. అర్ధరాత్రి వాట్సాప్‌లో రాసిన నాలుగు మాటలు పగలు జాగ్రత్తగా రాసిన ఉత్తరాన్ని చెడగొడతాయి.

8. జవాబును బట్టి అడుగు వేయండి

మొత్తం కట్టి మళ్లీ రమ్మంటే వెళ్లవచ్చు. కానీ పాత ఒప్పందం ముగిసింది కనుక కొత్తది రాసుకోవాలి, ఈసారి నెల ఫీజు ముందుగా. కొంత కట్టి పని మొదలుపెట్టమంటే జమ వేసుకుని రసీదు ఇవ్వండి, పని మాత్రం మొదలుపెట్టకండి. డబ్బు ఇప్పుడు లేదంటే వాయిదాల తేదీలు, ఒప్పుకున్న బాకీ మొత్తం రాసి సంతకం చేసిమ్మనండి. ఆ కాగితానికి విలువ ఎక్కువ. ఇట్లాంటి బాకీకి దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ మూడేళ్లలోగా బాకీ ఉందని సంతకంతో ఒప్పుకుంటే ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది.

వాళ్లకు గుర్తుచేయదగిన సంగతులు రెండున్నాయి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో కట్టకపోతే, ఆ బిల్లు మీద వాళ్లు వాడుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కు కట్టాలి. జూలై 1 నాటి బిల్లుకు ఆ గడువు డిసెంబరు 28. అట్లాగే 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన 43బి(హెచ్) నియమం వల్ల, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి, మార్చి 31 కూడా దాటి బాకీ ఉంచితే ఆ ఏడాది ఆ ఖర్చును ఆదాయంలోంచి తీసేసుకోలేరు. ఈ రెండూ యజమానికంటే వాళ్ల ఆడిటరుకు బాగా తెలుసు. అందుకే ఖాతా వివరం ఒక ప్రతి అకౌంట్స్‌కు పోవాలన్నాను.

ఏ జవాబూ రాకపోతే, పని మొదలుపెట్టే నాటికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. ఒప్పందం, బిల్లులు, నోటీసు, చివరి ఉత్తరం, పోస్టు రసీదు అడుగుతారు. అంటే పై ఏడు మెట్లలో కూడిన కాగితాలే. కౌన్సిల్ మొదట రాజీకి చూస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్. మీకు అనుకూలంగా తీర్పొస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి కొనుగోలుదారు 75 శాతం ముందు జమచేయాలి. బాకీ పెట్టేవాళ్లు ఈ నిబంధనకు జంకుతారు. బాకీ తరువాత రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లకు ఈ దారి కష్టం, వాళ్లు వకీలుతో మాట్లాడి మామూలు దావాకు పోవాలి.

చివరగా, ఆపాక ఆపినట్టే ఉండండి

సెప్టెంబరు 18న ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. ఉత్తరం గురించి ఒక్క మాటా లేదు. “సార్, ఒక పార్టీ డ్రమ్ములు ఎత్తుతానంటాడు. గుజ్జు స్పెసిఫికేషన్ షీటు ఒక్కటి పంపండి సార్, ఐదు నిమిషాల పని.” నిజంగానే ఐదు నిమిషాల పని. ఫైలు నా కంప్యూటరులోనే ఉంది. ఆ డ్రమ్ములు కదిలితే నా డబ్బూ వస్తుందేమో అన్న ఆశ కూడా ఉంది.

కానీ ఆ షీటు మీద నా సంతకం ఉంటుంది, కింద తేదీ ఉంటుంది. సెప్టెంబరు 18 అని రాసి సంతకం చేసిన క్షణాన, సెప్టెంబరు 15తో సేవలు ముగిశాయన్న నా ఉత్తరం అబద్ధమైపోతుంది. చివరి బిల్లు చివరిది కాకుండా పోతుంది. “అప్పగింత ఫైల్లో ఆగస్టు షీటు ఉందప్పా, తొమ్మిదో కాగితం. కొత్తది కావాలంటే మీ ల్యాబులో పరీక్ష చేసి మీరే సంతకం పెట్టుకోండి” అన్నాను. అతను కాసేపు ఆగి, “అయితే నిజంగానే ఆపేశారా సార్?” అన్నాడు.

ఉత్తరం చేరి అప్పటికి రెండు రోజులైంది. వాళ్లు దాన్ని నమ్మింది మాత్రం ఆ ఫోన్ పెట్టేశాకే.